నాన్నగారి 22 లక్షలు: నెలనెలా వడ్డీ కావాలంటే ఎక్కడ వేయాలి?

పాలకొల్లు అమ్మాయి · 3 ఆగస్టు 2025, ఉదయం

అందరికీ నమస్కారం అండి. మా నాన్నగారికి 61 ఏళ్లు. ప్రైవేటు రైస్ మిల్లులో గుమాస్తాగా చేసి పోయిన సంవత్సరం మానేశారు. పీఎఫ్, గ్రాట్యుటీ, అమ్మ పేరున ఉన్న చిన్న స్థలం అమ్మిన డబ్బు అన్నీ కలిపి 22 లక్షలు ఉన్నాయి. పీఎఫ్ పెన్షన్ నెలకి 2,100 వస్తుంది. ఇల్లు సొంతమే. అమ్మకి 57. ఇద్దరికీ బియ్యం, పాలు, మందులు, కరెంటు, పండక్కి మనవలకి ఇచ్చేది అన్నీ చూసుకుంటే నెలకి 15,000 కావాలి.

బ్యాంకుకి వెళితే సీనియర్ సిటిజన్లకి 7 శాతం, వడ్డీ నెలనెలా ఖాతాలో పడుతుంది అన్నారు. 15 లక్షలు వేస్తే నెలకి 8,750 అని నేను లెక్క వేసుకున్నాను. వాళ్లు రాసిచ్చిన కాగితంలో 8,699 ఉంది. 51 రూపాయలు ఎక్కడికి పోయాయని అడిగితే "సిస్టమ్ అంతే వేస్తుంది" అన్నారు. అప్పటి నుంచి నాన్నగారికి అనుమానం పట్టుకుంది. అసలు ఇది సరైన చోటేనా? పోస్టాఫీసు మంచిదా? ఆయనకి మాత్రం ఒకటో తారీఖున జీతంలా డబ్బు పడాలి.

కౌంటర్ నంబర్ 3 · 3 ఆగస్టు, మధ్యాహ్నం

నేను భీమవరం దగ్గర ఒక బ్యాంకు బ్రాంచిలో డిపాజిట్ల కౌంటర్‌లో ఉంటాను. ఆ 51 రూపాయలు ఎవరూ కాజేయలేదండి, నాన్నగారికి చెప్పండి.

బోర్డు మీద రాసే 7 శాతం మూడు నెలలకోసారి వడ్డీ తీసుకునేవాళ్లకి. 15 లక్షలకి మూడు నెలల వడ్డీ 26,250. అది మూడో నెల చివర రావలసిన సొమ్ము. మీరు నెలనెలా అడిగితే మొదటి నెల వాటా రెండు నెలలు ముందు, రెండో నెల వాటా ఒక నెల ముందు మీ చేతికి వస్తుంది. ముందుగా ఇచ్చినందుకు బ్యాంకు ఆ మేరకు తగ్గించి ఇస్తుంది. అందుకే మూడు 8,750లకి బదులు మూడు 8,699లు. నెలవారీ వడ్డీ డిపాజిట్ అంతటా ఇలాగే ఉంటుంది. కౌంటర్‌లో మావాళ్లు కొంచెం ఓపిగ్గా చెప్పి ఉంటే ఆయనకి ఈ టెన్షన్ ఉండేది కాదు.

కానీ మీరు చూడాల్సింది 51 రూపాయలు కాదండి. అదే 15 లక్షలు ప్రభుత్వ సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో వేస్తే 8.2 శాతం. మూడు నెలలకి 30,750, అంటే నెలకి 10,250 చొప్పున. మా డిపాజిట్ కంటే నెలకి పదిహేను వందలు ఎక్కువ. మా బ్యాంకులోనే ఆ ఖాతా తెరుస్తాం, పోస్టాఫీసులోనూ తెరుస్తారు. అడిగితే తప్ప మావాళ్లు దాని సంగతి ఎత్తరు.

లాకుల వీధి · 3 ఆగస్టు, సాయంత్రం

8.2 చూసి మోసపోకండి. ఆ వడ్డీని ప్రభుత్వం ప్రతి మూడు నెలలకీ మారుస్తుంది. రిజర్వ్ బ్యాంకు ఈ ఏడాది ఇప్పటికే మూడుసార్లు రేటు తగ్గించింది. ఈ రోజు 8.2 అని వేస్తే సంక్రాంతికి 7.5 అంటారు. బ్యాంకులో అయితే రాసిచ్చిన రేటు రాసిచ్చినట్టే. ఇంకో మాట, ఆ స్కీములో రిటైరైన కొద్ది రోజుల్లోనే వేయాలి. వాళ్ల నాన్నగారికి ఏడాది దాటిపోయింది.

పాత సబ్ పోస్ట్‌మాస్టర్ · 3 ఆగస్టు, రాత్రి

నేను కోనసీమలో 31 ఏళ్లు పోస్టాఫీసుల్లో పనిచేశాను. ఈ ఖాతాలు నా చేత్తో కొన్ని వందలు తెరిచాను కాబట్టి చెబుతున్నాను.

లాకుల వీధి గారు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. రేటును మూడు నెలలకోసారి ప్రకటించే మాట వాస్తవం. కానీ అది ఆ మూడు నెలల్లో కొత్తగా వేసేవాళ్లకి. మీరు వేసిన రోజున ఎంత ఉందో, ఆ డబ్బుకి ఐదేళ్లూ అంతే. రేపు తగ్గించినా మీది తగ్గదు, పెంచినా పెరగదు. నెలవారీ ఆదాయ పథకానికి కూడా ఇదే పద్ధతి. దాన్ని మనవాళ్లంతా ఎంఐఎస్ అంటారు.

రిటైరైన వెంటనే వేయాలన్న షరతు 55 నుంచి 60 లోపు వాళ్లకి. 60 నిండితే ఎప్పుడైనా వేయొచ్చు, ఆ డబ్బు ఉద్యోగం మీద వచ్చిందా, కొబ్బరితోట అమ్మితే వచ్చిందా అని ఎవరూ అడగరు. మొత్తం 30 లక్షల దాకా వేయొచ్చు.

అమ్మా, ఈ స్కీములో వడ్డీ మాత్రం నెలనెలా రాదు. మార్చి, జూన్, సెప్టెంబరు, డిసెంబరు నెలాఖరులకి లెక్క కట్టి తర్వాతి పనిదినం వేస్తారు. అంటే ఏప్రిల్, జులై, అక్టోబరు, జనవరి మొదట్లో. బ్యాంకులో తెరిచినా అంతే. నెలనెలా కావాలంటే ఎంఐఎస్. దానికి ఇప్పుడు 7.4 శాతం, ఒక్కరి పేరున 9 లక్షలు, ఇద్దరి పేరున 15 లక్షలు దాకా.

కొబ్బరి దింపు · 4 ఆగస్టు, ఉదయం

మాది అంబాజీపేట పక్కన. మాకు కొబ్బరి దింపు నెలన్నర, రెండు నెలలకోసారి. కౌలు డబ్బు ఏడాదికి రెండుసార్లు, సార్వాకీ దాళ్వాకీ. మా అమ్మ ఆ డబ్బుని డబ్బాల్లో వేసి నెలలవారీగా పంచేది. మూడు నెలలకోసారి వడ్డీ అంటే మాకు సుఖంగానే ఉంటుంది. కానీ ముప్పై ఏళ్లు ఒకటో తారీఖు జీతం తీసుకున్న మనిషికి 30,000 ఒక్కసారి చేతికొస్తే, అందులో ఇరవై వేలు వచ్చే రెండు నెలలవని గుర్తుండడం కష్టం. మా బావగారికి అలాగే అయింది. మొదటి నెలలోనే ఫ్రిజ్ కొన్నారు, మూడో నెలలో మందులకి కొడుకుని అడిగారు. అందుకని వాళ్ల నాన్నగారి కోరికను తేలిగ్గా తీసేయకండి.

ముత్యాలపల్లి టీచర్ · 4 ఆగస్టు, ఉదయం

పెన్షన్ ఆగిపోయిందంటే లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వలేదేమో చూడండి. నాకు రెండేళ్ల క్రితం అలాగే ఆగింది. ట్రెజరీ చుట్టూ తిరిగాను.

పాలకొల్లు అమ్మాయి · 4 ఆగస్టు, మధ్యాహ్నం

టీచరు గారూ, పెన్షన్ ఆగలేదండి, డిపాజిట్ గురించి అడిగాను. కానీ మీరన్నాక చూస్తే నాన్నగారి పీఎఫ్ పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్‌కి వచ్చే నెలతో ఏడాది నిండుతుంది. చాలా థాంక్స్ అండి.

బాబాయ్ గారూ (పోస్ట్‌మాస్టర్ గారిని అలా పిలవచ్చు కదా), రెండూ కలిపి ఎలా పంచాలో చెబుతారా? ఇంకో సంగతి. ఇక్కడ ఒక సొసైటీ వాళ్లు 11.5 శాతం, నెలనెలా ఇంటికే తెచ్చి ఇస్తాం అంటున్నారు. నాన్నగారి స్నేహితుడే ఏజెంటు.

నరసాపురం లేసు · 4 ఆగస్టు, మధ్యాహ్నం

ఆ సొసైటీ మాట దగ్గర ఆగండి చెల్లీ. మా అమ్మ లేసు అల్లి దాచుకున్నది, నాన్న పోయినప్పుడు వచ్చిన బీమా కలిపి ఆరు లక్షలు అలాంటి ఒక సొసైటీలో వేసింది. మూడేళ్లు ఒక్క రోజు తప్పకుండా వడ్డీ తెచ్చి ఇచ్చారు. ఆ నమ్మకంతోనే మా పిన్ని కూడా వేసింది. నాలుగో ఏడు రెండు నెలలు "వచ్చే వారం" అన్నారు, తర్వాత తలుపుకి తాళం. పేరులో సహకార అని ఉంది కదా, ప్రభుత్వం చూసుకుంటుందనుకున్నాం. స్టేషన్‌కి వెళ్లాక తెలిసింది, మేము అందులో డిపాజిటర్లం కాదట, సభ్యులమట. అమ్మ ఇప్పటికీ ఆ బాండు కాగితం బీరువాలో పెట్టుకుంది.

కౌంటర్ నంబర్ 3 · 4 ఆగస్టు, సాయంత్రం

లేసు గారూ, చదువుతుంటే బాధగా ఉంది. బ్యాంకులో, అది సహకార బ్యాంకైనా సరే, ఒక మనిషికి ఒక బ్యాంకులో అసలు, వడ్డీ కలిపి 5 లక్షల దాకా డిపాజిట్ బీమా ఉంటుంది. సహకార బ్యాంకు వేరు, పరస్పర సహాయక సంఘం వేరు. సంఘానికి ఆ బీమా లేదు, రిజర్వ్ బ్యాంకు లైసెన్సూ ఉండదు. పాలకొల్లు అమ్మాయి గారూ, ఆ ఏజెంటుని ఒక్కటే అడగండి, రిజర్వ్ బ్యాంకు లైసెన్సు చూపించమనండి.

పాత సబ్ పోస్ట్‌మాస్టర్ · 4 ఆగస్టు, రాత్రి

బాబాయ్ అనే పిలువమ్మా. నేనైతే ఇలా పంచుతాను.

సీనియర్ సిటిజన్ స్కీములో 15 లక్షలు, పది, ఐదు చొప్పున రెండు ఖాతాలుగా, రెండు నెలల్లో. ఎంఐఎస్‌లో నాన్న, అమ్మ ఇద్దరి పేరున 5 లక్షలు. మిగిలిన 2 లక్షలు బ్యాంకులో చేతికి అందేలా. మొదటిదాని మీద మూడు నెలలకి 30,750, నెలకి 10,250 అనుకో. ఎంఐఎస్ మీద నెలకి 3,083. పీఎఫ్ పెన్షన్ 2,100. మొత్తం 15,433. మీ అవసరానికి సరిపోయింది.

ఇక్కడ అందరూ తడబడే చోటు ఒకటి ఉంది. మొదటి నాలుగు నెలలు. ఉదాహరణకి ఆగస్టు 20న 10 లక్షలు, సెప్టెంబరు 1న 5 లక్షలు వేశారనుకో. అక్టోబరు 1న పూర్తి 30,750 రాదు. పది లక్షల మీద 42 రోజులకి 9,400 చిల్లర, ఐదు లక్షల మీద 30 రోజులకి 3,300 చిల్లర, అంతా కలిపి 12,800 వస్తుంది. ఆ తర్వాత జనవరి దాకా ఇంకేమీ రాదు. సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా నాలుగు నెలలకి నెలకి 10,250 చొప్పున మీకు కావలసింది 41,000. లోటు 28,000 పైన. ఆ రెండు లక్షల్లోంచి 30,000 ముందే పక్కన పెట్టండి. అది లేకపోతే నవంబరులో నాన్న "ఈ స్కీము మనకి పనికిరాదు" అని ఖాతా మూయమంటారు. అలా మూయడానికి వచ్చినవాళ్లని నేను కౌంటర్‌లో చూశాను. జనవరిలో పూర్తి వడ్డీ పడ్డాక లోటు ఉండదు, ఆ డబ్బు జనవరి, ఫిబ్రవరి, మార్చికి సరిపోతుంది.

ఇక ఒకటో తారీఖు జీతం సంగతి. బ్యాంకులో నాన్నకి రెండు సేవింగ్స్ ఖాతాలు ఉంచండి. స్కీము బ్యాంకులోనే తెరిచి, వడ్డీ మొదటి ఖాతాలో పడేలా చేయండి. అక్కడి నుంచి ప్రతి నెలా 1న 10,250 రెండో ఖాతాకి వెళ్లేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇవ్వండి. ఏటీఎం కార్డు రెండోదానికే. పక్కన పెట్టిన 30,000 కూడా మొదటి ఖాతాలోనే ఉండనివ్వండి.

15 లక్షలు రెండు ఖాతాలుగా ఎందుకన్నానంటే, ఇందులో కొంత భాగం తీసుకోవడం కుదరదు. ఆపరేషన్‌కి మూడు లక్షలు కావలసి వచ్చినా ఖాతా మొత్తం మూయాల్సిందే. ఏడాది దాటి రెండేళ్లలోపు మూస్తే అసలులో ఒకటిన్నర శాతం, రెండేళ్లు దాటాక ఒక శాతం కోస్తారు. 15 లక్షలు ఒకే ఖాతా అయితే 22,500 పోతుంది, 5 లక్షల ఖాతా అయితే 7,500. మా రోజుల్లో ఒక ఆఫీసులో నెలకి ఒక ఖాతానే తెరిచేవాళ్లం, అందుకే రెండు నెలల్లో వేయమన్నాను.

లాకుల వీధి · 5 ఆగస్టు, ఉదయం

రేటు విషయంలో నేను పొరబడ్డాను, ఒప్పుకుంటాను. కానీ ఇంత తతంగం ఎందుకండి? ఇద్దరి పేరున ఎంఐఎస్‌లోనే 15 లక్షలు వేస్తే నెలకి 9,250 నేరుగా వస్తుంది. లోటు లేదు, రెండు ఖాతాలు లేవు, స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ లేదు. వెయ్యి రూపాయల కోసం పెద్దాయనని తిప్పలు పెట్టడం నాకు నచ్చలేదు.

పాలకొల్లు అమ్మాయి · 5 ఆగస్టు, ఉదయం

మా ఇంట్లో వెయ్యి అంటే అమ్మ బీపీ, షుగరు మందులండి. తేలిగ్గా వదల్లేం.

పాత సబ్ పోస్ట్‌మాస్టర్ · 5 ఆగస్టు, మధ్యాహ్నం

లాకుల వీధి గారి మాటలో నేను మొదట చెప్పని ఒక బలం ఉంది. చెప్పడానికి కష్టమైన విషయమే, కానీ దాచడం మంచిది కాదు. అమ్మకి 57. ఆమెని ఏ వయసులోనైనా సీనియర్ సిటిజన్ స్కీములో జాయింటుగా చేర్చుకోవచ్చు. కానీ ఖాతాదారుడు పోతే ఆ ఖాతాను గడువు దాకా కొనసాగించాలంటే ఆ రోజుకి భార్యకి కూడా ఈ స్కీముకి అర్హత ఉండాలి. 60 నిండకపోతే ఖాతా మూసి డబ్బు ఇచ్చేస్తారు. కోత ఉండదు, అసలు పోదు. పోయిన రోజు నుంచి మాత్రం సేవింగ్స్ ఖాతా వడ్డీయే లెక్క కడతారు. ఇంట్లో కష్టంలో ఉన్నప్పుడు ఆ కాగితాలకి మూడు నాలుగు నెలలు పడితే అన్నాళ్లూ ఆమెకి ఆదాయం ఉండదు.

ఎంఐఎస్ జాయింటుగా ఉంటే రెండోవాళ్ల పేరున అలాగే సాగుతుంది. అందుకే 5 లక్షలు అందులో ఇద్దరి పేరునా వేయమన్నాను. ఈ మూడేళ్ల కోసం మొత్తం ఎంఐఎస్‌కి వెళ్లాలా, నెలకి వెయ్యి ఎక్కువ తీసుకోవాలా అన్నది మీ ఇంటివాళ్లు కూర్చుని తేల్చుకోవాలి. నేనైతే వెయ్యి తీసుకుంటాను. మా ఆవిడ అయితే ఎంఐఎస్ అంటుంది.

తణుకు ఆడిట్ · 5 ఆగస్టు, రాత్రి

పన్ను గురించి ఎవరూ అనలేదు కాబట్టి ఒక్కటి. సీనియర్ సిటిజన్లకి ఒక సంస్థ నుంచి ఏడాదికి లక్ష రూపాయలు దాటి వడ్డీ వస్తే టీడీఎస్ కోస్తారు. ఈ ఏప్రిల్ దాకా అది 50,000 ఉండేది. మీ 15 లక్షల మీద ఏడాదికి 1,23,000. ఈ సంవత్సరం మధ్యలో వేస్తున్నారు కాబట్టి లక్ష దాటదు, ఏమీ కోయరు. అందుకని మీరు దాని సంగతే మర్చిపోతారు. వచ్చే ఏడాది ఉన్నట్టుండి వడ్డీలో పదో వంతు తగ్గి వస్తుంది. నా దగ్గరికి వచ్చే పెద్దవాళ్లలో చాలామందికి జరిగేది ఇదే.

ఆయన మొత్తం ఆదాయం ఏడాదికి రెండు లక్షలు కూడా లేదు, పన్ను పడదు. 15హెచ్ ఫారం ఇస్తే కోత ఉండదు. వచ్చే ఏప్రిల్ మొదటి వారంలోనే ఇవ్వండి, తర్వాత ప్రతి ఏప్రిల్‌లోనూ ఇవ్వాలి, ఒకసారి ఇస్తే సరిపోదు. మర్చిపోయి కోసేస్తే రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు, కానీ నెలలు పడుతుంది. ఖాతాకి పాన్ మాత్రం తప్పకుండా జత చేయించండి.

కొబ్బరి దింపు · 6 ఆగస్టు, ఉదయం

ఎంఐఎస్ తెరిచే రోజే వడ్డీ ఏ సేవింగ్స్ ఖాతాలో పడాలో రాసి ఇవ్వండి. మా మామగారు రాయలేదు. ఏడు నెలల వడ్డీ అక్కడే పడి ఉంది, దాని మీద ఒక్క పైసా వడ్డీ రాలేదు.

పాత సబ్ పోస్ట్‌మాస్టర్ · 6 ఆగస్టు, మధ్యాహ్నం

సరిగ్గా చెప్పారు. 2022 ఏప్రిల్ నుంచి ఈ వడ్డీలు కౌంటర్‌లో నగదుగా ఇవ్వరు. సేవింగ్స్ ఖాతా జత చేయకపోతే ఆఫీసు లెక్కలో పక్కన పడి ఉంటుంది. తెరిచిన నెల తర్వాత పాస్‌బుక్ తీసుకెళ్లి సేవింగ్స్ ఖాతాలో 3,083 పడిందో లేదో ఒకసారి ఎంట్రీ వేయించి చూడండి.

నరసాపురం లేసు · 6 ఆగస్టు, సాయంత్రం

నాకొక సందేహం. ఐదేళ్లూ అదే 15,433 అయితే బియ్యం, మందుల ధరలు పెరిగితే ఎలా? ఇప్పుడే 433 మాత్రమే మిగులుతోంది కదా.

కౌంటర్ నంబర్ 3 · 6 ఆగస్టు, రాత్రి

దీనికి నా దగ్గర మంచి జవాబు లేదండి. వడ్డీ అంతా ఖర్చు పెట్టేస్తే అసలు పెరగదు. మిగిలిన లక్షా డెబ్భై వేలని మూడు నెలలకోసారి వడ్డీ అసలులో కలిసే డిపాజిట్‌లో వదిలేస్తే కొంత ఊతం. మూడేళ్ల తర్వాత పిల్లలు కొంత వేయాల్సి వస్తుందేమో. ఇంట్లో ఈ మాట ఇప్పుడే అనుకోవడం మేలు.

పాలకొల్లు అమ్మాయి · 3 అక్టోబరు, ఉదయం

అందరికీ దసరా శుభాకాంక్షలు. చెప్పి వెళ్లాలని వచ్చాను. ఇంట్లో రెండు రోజులు మాట్లాడుకున్నాం. అమ్మే తేల్చింది, స్కీములో 10 లక్షలు చాలు, ఎంఐఎస్‌లో ఇద్దరి పేరున 10 లక్షలు అంది. నెలకి 13,000 వడ్డీ, పెన్షన్‌తో 15,100. బాబాయ్ గారి లెక్క కంటే 333 తక్కువ. సొసైటీ ఏజెంటుకి లైసెన్సు చూపించమంటే మళ్లీ రాలేదు.

ఆగస్టు 20న వేసిన పది లక్షలకి మొన్న 1న 9,436 పడింది. నాన్నగారు "నెలకి 6,833 అన్నారు, మూడు నెలలకి 20,500 కదా రావాలి" అన్నారు. 42 రోజుల లెక్క కాగితం మీద వేసి చూపించాను. పక్కన పెట్టిన డబ్బులోంచి ఈ నెలది రెండో ఖాతాకి వెళ్లింది. ఎంఐఎస్ వడ్డీ సెప్టెంబరు 20న 6,166 పడిందని పాస్‌బుక్‌లో చూసుకున్నారు. ఏప్రిల్ మొదటి వారం గడిలో అమ్మ 15హెచ్ అని రాయడానికి కొత్త క్యాలెండర్ కోసం చూస్తోంది.

బాబాయ్ గారూ, ఇంకొక్కటి. అమ్మకి 60 నిండాక ఎంఐఎస్ మూసి ఆమె పేరున స్కీములోకి మార్చుకుంటే లాభమా? మూడేళ్లు దాటాక ఎంఐఎస్‌లో ఒక శాతం కోస్తారట కదా.

పాత సబ్ పోస్ట్‌మాస్టర్ · 3 అక్టోబరు, రాత్రి

అమ్మ నిర్ణయం బాగుందమ్మా. మూడేళ్లు నిండాక మూస్తే ఒక శాతం, పది లక్షల మీద 10,000 పోతుంది. అప్పటికి స్కీము రేటు 8.2 ఉంటే ఏడాదికి 8,000 ఎక్కువ వస్తుంది. మిగిలే రెండేళ్లలో పోయినది తిరిగి వచ్చి ఆరువేలు మిగులుతుంది. రేటు 7.9కి వస్తే సరికి సరి. 2028లో ఆ వారం రేటు చూసి అడుగు, నేనుంటే చెబుతాను.